దాదాపు ఒప్పుకున్నాక కౌంటర్ ఆఫర్ వచ్చింది: రిక్రూటర్‌కి ఎలా చెప్పాలి?

ప్రశ్న: కొత్త కంపెనీ రిక్రూటర్‌కి ఫోన్‌లో "సరే, చేరతాను" అన్నట్టే చెప్పాను. ఆఫర్ లెటర్ వచ్చింది, ఇంకా సంతకం పెట్టలేదు. ఈలోగా వెళ్లిపోతున్నానని మా మేనేజర్‌కి చెబితే, ఉండిపొమ్మని జీతం పెంచి కౌంటర్ ఆఫర్ ఇచ్చారు. నాకు ఏటూ తేలడం లేదు. ఈ సంగతి రిక్రూటర్‌కి చెప్పాలా? చెబితే ఉన్న ఆఫర్ కూడా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

చెప్పాలండి. ఫోన్ చేసి చెప్పాలి, లెటర్ గడువు ముగిసేలోపే చెప్పాలి. అయితే ఫోన్ చేసే ముందు ఒక పని ఉంది. "నాకు ఏటూ తేలడం లేదు" అన్న స్థితిలో ఆ కాల్ చేయకండి. నేను మొదట కన్సల్టెన్సీలో, తర్వాత కంపెనీ లోపల రిక్రూటర్‌గా పనిచేశాను. ఇలాంటి కాల్స్ చాలా తీసుకున్నాను. కౌంటర్ ఆఫర్ వచ్చిందని చెప్పినందుకే ఆఫర్ పోగొట్టుకున్నవాళ్లు అరుదు. కౌంటర్ వచ్చిందని చెప్పి, "మరి మీరేం కోరుకుంటున్నారు?" అని అడిగితే జవాబు లేక నీళ్లు నమిలినవాళ్లకే ఎక్కువగా ఇబ్బంది వచ్చింది.

అలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే, మీరు "సరే" అన్న తర్వాత అటువైపు ఏం జరిగిందో చూడాలి. మీ మాట వినగానే రిక్రూటర్ తన ట్రాకర్‌లో మీ పేరు పక్కన "నోటిమాటగా ఒప్పుకున్నారు" అని మార్చి ఉంటారు. కొత్త కంపెనీలో మిమ్మల్ని తీసుకుంటున్న మేనేజర్‌కి "ఈ పోస్టు నిండినట్టే" అని చెప్పి ఉంటారు. మీ జీతం అంకెకు పైవాళ్ల అనుమతి అప్పటికే తీసుకున్నారు, ఆ అంకె మీదే లెటర్ తయారైంది. ఇక ఇంటర్వ్యూల్లో మీ తర్వాతి స్థానంలో నిలిచిన వ్యక్తి ఒకరుంటారు. మీరు సంతకం పెట్టేదాకా వాళ్లకి కాదని చెప్పరు. "ఇంకా ప్రాసెస్‌లో ఉంది" అంటూ ఆపి ఉంచుతారు. ఆ రెండో వ్యక్తి ఎన్నాళ్లో ఆగరు, వాళ్లకీ వేరే ఆఫర్లు వస్తుంటాయి. రిక్రూటర్‌కి అసలు భయం ఇదే: మీరు ఇంకో వారం నాన్చి ఆ తర్వాత కాదంటే, అప్పటికి ఇద్దరూ చేజారిపోతారు. మీరు త్వరగా చెబితే ఆమెకి దారి మిగులుతుంది. ఆలస్యంగా చెబితే మిగలదు. మీ కాల్ విని ఆమె ఊరట చెందుతారా, చిరాకు పడతారా అన్నది చాలావరకు దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

మీ రిక్రూటర్ కన్సల్టెన్సీ మనిషా, కంపెనీ ఉద్యోగా అన్నది కూడా చూసుకోండి. కన్సల్టెన్సీకి సాధారణంగా మీరు చేరితేనే ఫీజు వస్తుంది, అది మీ మొదటి ఏడాది జీతంలో కొంత శాతం. చేరిన కొన్ని నెలల్లోనే మీరు మానేస్తే ఇంకొకరిని ఉచితంగా వెతికిపెట్టాలనో, ఫీజు వెనక్కివ్వాలనో షరతు కూడా ఉంటుంది. అందుకే కౌంటర్ ఆఫర్ మాట వినగానే వాళ్లు గట్టిగా పట్టుబడతారు. "కౌంటర్ ఒప్పుకున్నవాళ్లలో ఇంత శాతం మంది ఏడాదిలోపే మానేస్తారు" అని ఒక అంకె చెబుతారు. ఆ అంకె ఈ రంగంలో అందరి నోటా తిరుగుతూ ఉంటుంది. దాని ఆధారం ఏమిటని అడిగితే ఎవరూ చూపించరు, కాబట్టి దాన్నిబట్టి నిర్ణయం తీసుకోకండి. కంపెనీలోని రిక్రూటర్‌కి ఫీజు ఉండదు గానీ, పోస్టు ఎన్ని రోజుల్లో నిండింది, ఇచ్చిన ఆఫర్లలో ఎన్ని ఖాయమయ్యాయి అనే లెక్క ఉంటుంది. ఇద్దరిలో ఎవరూ మీకు శత్రువు కాదు. కానీ ఇద్దరికీ తమ లెక్కలున్నాయని తెలిసి మాట్లాడండి.

ఇప్పుడు కాల్‌కి ముందు చేయాల్సిన పని. మీరు మూడింట్లో ఎక్కడున్నారో తేల్చుకోండి. కౌంటర్ వచ్చినా వెళ్లిపోవాలనే ఉందా? అయితే రిక్రూటర్‌తో ఈ ప్రస్తావనే అక్కర్లేదు, లెటర్ మీద సంతకం పెట్టి పంపండి. ఉండిపోవాలనే ఉందా? అయితే అది బేరం కాదు, మర్యాదగా కాదని చెప్పే కాల్, దాని సంగతి చివర్లో చెబుతాను. మూడోది, "కొత్త కంపెనీ ఫలానా ఒక్కటి సరిచేస్తే నిశ్చింతగా వెళ్తాను" అనే స్థితి. మీరు ఇక్కడే ఉన్నారని నా అంచనా. "ఏటూ తేలడం లేదు" అనేవాళ్లలో చాలామందిని కూర్చోబెట్టి అడిగితే ఆ ఫలానా ఒక్కటి బయటికొస్తుంది. అది దొరికేదాకా ఫోన్ తీయకండి, కాకపోతే ఒకరోజుకి మించి తీసుకోకండి.

దాన్ని పట్టుకోవడానికి కౌంటర్ ఆఫర్‌ని విప్పి చూడాలి. ముందుగా అది రాతలో ఉందా? మేనేజర్ గదిలో నోటితో చెప్పింది ఇంకా ఆఫర్ కాదు. హెచ్ఆర్ నుంచి మెయిల్‌గానో, లెటర్‌గానో వచ్చి, ఏ తేదీ నుంచి అమలో అందులో ఉంటేనే దాన్ని లెక్కలోకి తీసుకోండి. "వచ్చే సైకిల్‌లో ప్రమోషన్ చూద్దాం" అనేది రాతలో లేకపోతే దాన్ని పూర్తిగా పక్కనపెట్టి మిగతాది చూడండి.

ఒక లెక్క వేసి చూపిస్తాను. మీ ఇప్పటి ఏడాది జీతం 100 అనుకుందాం. కొత్త కంపెనీ ఇస్తానన్నది ఫిక్స్‌డ్ 130, దాని మీద వేరియబుల్ 10. మీ కంపెనీ కౌంటర్: ఫిక్స్‌డ్ 120, దాంతోపాటు 20 రిటెన్షన్ బోనస్, సగం ఆరు నెలలకి, సగం పన్నెండు నెలలకి. మీ మేనేజర్ "వాళ్లదీ 140, మాదీ 140, మరి ఎందుకు వెళ్లడం?" అంటారు. మొదటి ఏడాదికి ఆ మాట దాదాపు నిజమే. వేరియబుల్ అన్ని చోట్లా పూర్తిగా రాదు. 70 శాతమే వచ్చిందనుకుంటే కొత్త కంపెనీలో మీకు అందేది 137, ఇక్కడ 140. అంటే మొదటి ఏడాది ఉండిపోవడమే కాస్త లాభం.

రెండో ఏడాది చూడండి. రిటెన్షన్ బోనస్ అయిపోయింది, ఇక్కడ ఫిక్స్‌డ్ 120. అక్కడ 130, వేరియబుల్‌తో 137. ఇంక్రిమెంట్లు రెండు చోట్లా ఒకేలా ఉన్నాయనుకున్నా ఈ తేడా ఏటా వెంటే వస్తుంది. ఇక్కడ ఇంకో రెండు విషయాలు అడిగి తెలుసుకోవాలి. ఫిక్స్‌డ్‌లో ఈ 20 పెంపు మీకు మామూలుగా రావాల్సిన ఇంక్రిమెంట్‌ని కలుపుకున్నదా, దానికి అదనమా? ఎలాగూ 8 శాతం వచ్చేదైతే నిజంగా పెరిగింది 12 మాత్రమే, తర్వాతి సైకిల్‌లో "మీకు ఇప్పటికే ఇచ్చాం కదా" అంటారు. రెండోది, రిటెన్షన్ బోనస్ తీసుకున్నాక ఎన్నాళ్లలోపు మానేస్తే వెనక్కి కట్టాలి? ఈ షరతు చాలాసార్లు మెయిల్‌లో ఉండదు, సంతకం పెట్టించుకునే కాగితంలో ఉంటుంది. ఆ కాగితం ముందే అడిగి చూడండి.

అవతలి ఆఫర్‌నీ ఇలాగే చూడాలి. చేరే తేదీ, ఇంక్రిమెంట్ అర్హతకి వాళ్లు పెట్టుకున్న కటాఫ్ తేదీ దాటితే మొదటి సైకిల్‌లో ఇంక్రిమెంట్ ఉండదు. అలాంటప్పుడు మీ ఫిక్స్‌డ్ ఏడాదిన్నర పాటు కదలకపోవచ్చు.

ఈ లెక్కలో తేలిందేమిటి? కొత్త కంపెనీ దీర్ఘకాలంలో మెరుగు, మొదటి ఏడాది మాత్రమే వెలితి. అలాంటప్పుడు రిక్రూటర్‌ని "ఫిక్స్‌డ్ 140 చేయండి" అని అడగడం పొరపాటు అడుగు. ఫిక్స్‌డ్ పెంచాలంటే ఆ గ్రేడ్‌కి ఉన్న పరిధి అడ్డొస్తుంది, అదే టీమ్‌లో అదే పని చేస్తున్నవాళ్ల జీతాలు అడ్డొస్తాయి, మళ్లీ పైదాకా అనుమతికి వెళ్లాలి. ఒక్కసారి ఇచ్చే జాయినింగ్ బోనస్ అలా కాదు. అది ఆ గ్రేడ్ లెక్కల్ని కదిలించదు కాబట్టి చాలా చోట్ల తేలిగ్గా, త్వరగా ఒప్పుకుంటారు. మీ వెలితి ఒక్కసారిది, అడిగేదీ ఒక్కసారిదే కావాలి. పైలెక్కలో 3 నుంచి 5 జాయినింగ్ బోనస్ సరిపోతుంది. ఇంకొకరి లెక్కలో వెలితి ఫిక్స్‌డ్‌లోనే ఉండొచ్చు, లేదా డబ్బులోనే కాకుండా హోదాలోనో, చేరే తేదీలోనో, కటాఫ్ దాటినా మొదటి ఇంక్రిమెంట్‌కి అర్హత ఇవ్వడంలోనో ఉండొచ్చు. వెలితి ఎక్కడుందో అక్కడే అడగండి.

డబ్బు పక్కన ఇంకొకటి ఉంది. మొదటి కాల్‌లో "ఎందుకు మారాలనుకుంటున్నారు?" అని రిక్రూటర్ అడిగినప్పుడు మీరు చెప్పిన కారణం ఆమె నోట్స్‌లో ఉంది. ఇప్పుడు మీ కాల్ రాగానే ఆమె ముందు తెరిచేది ఆ నోట్సే. అప్పుడు "ఇక్కడ ఎదగడానికి దారి లేదు" అని చెప్పి ఇప్పుడు జీతం గురించే మాట్లాడితే, "ఎదుగుదల సంగతి ఏమైంది?" అని తప్పకుండా అడుగుతారు. మీరూ ఒకసారి వేసుకోవాల్సిన ప్రశ్నే ఇది. కౌంటర్‌లో ఆ కారణానికి జవాబు ఉందా, డబ్బు మాత్రమే ఉందా అన్నది చూడండి.

ఇక ఫోన్ కాల్. మెసేజ్ పెట్టొద్దు, ముందు మెయిల్ పంపొద్దు. కాగితం మీద చదివితే ఇది బెదిరింపులా కనిపిస్తుంది, గొంతు వింటే అలా అనిపించదు. మీరన్న "సరే"ని దాచకుండా దాంతోనే మొదలుపెట్టండి. ఇంచుమించు ఇలా:

"మొన్న మీతో చేరతానని చెప్పాను, ఆ మాట మీద మీరు పనులు మొదలుపెట్టారని తెలుసు. తర్వాత ఒకటి జరిగింది, అది మీకు ఆలస్యం కాకుండా చెప్పాలని ఫోన్ చేశాను. వెళ్తున్నానని చెప్పగానే మా కంపెనీ కౌంటర్ ఆఫర్ ఇచ్చింది, నిన్న రాతపూర్వకంగా వచ్చింది. కూర్చుని లెక్క చూసుకున్నాను. నాకు మీ దగ్గర పని చేయాలనే ఉంది. ఒక్క చోట తేడా ఉంది: మొదటి ఏడాది చేతికొచ్చేది ఇక్కడ కాస్త ఎక్కువ. జాయినింగ్ బోనస్‌గా ఇంత ఇవ్వగలిగితే, సవరించిన లెటర్ వచ్చిన రోజే సంతకం పెట్టి, రాజీనామా ఇచ్చేస్తాను. అది కుదరదంటే అదీ నాకు అర్థమవుతుంది, ఎల్లుండి సాయంత్రంలోగా నా నిర్ణయం చెబుతాను."

ఇందులో రిక్రూటర్‌కి పనికొచ్చే ముక్క ఒక్కటే, "సవరించిన లెటర్ వచ్చిన రోజే సంతకం పెడతాను" అన్నది. ఫోన్ పెట్టేశాక ఆమె వెళ్లి ఆ మేనేజర్‌తో మాట్లాడాలి. "కౌంటర్ వచ్చిందట, ఇంకా ఎక్కువ అడుగుతున్నారు" అని వెళ్తే ఆయన, "అయితే ఆ రెండో మనిషిని పిలవండి" అంటారు. "ఇది ఒక్కటి ఇస్తే ఇవాళే సంతకం పెడతారు" అని వెళ్తే ఆయన ముందు అవునా, కాదా అనే తేలికైన ప్రశ్న ఉంటుంది. మీ తరఫున వాదించడానికి ఆమె చేతికి మీరిచ్చేది ఆ వాక్యమే, కాబట్టి నిజంగా అలా చేసే ఉద్దేశం ఉంటేనే అనండి.

తర్వాత ఆమె అడిగేవి దాదాపు ఊహించొచ్చు. రాతలో ఉందా? ఎంత ఇచ్చారు? మేం ఇస్తే మళ్లీ మీ కంపెనీ పెంచితే ఏం చేస్తారు? మూడో ప్రశ్నకి జవాబు ఇంట్లోనే సిద్ధం చేసుకోండి: "ఇక ఆ చర్చ అక్కడ జరపను." చెప్పాక నిజంగానే జరపకండి. సవరించిన లెటర్ పట్టుకుని మళ్లీ మీ మేనేజర్ దగ్గరికి వెళ్లడం, అక్కడ పెరిగింది తెచ్చి మళ్లీ ఇటు చెప్పడం, ఈ రెండో చుట్టు దగ్గరే కంపెనీలు ఆఫర్ వెనక్కి తీసుకోవడం నేను చూశాను. ఒక్కసారి అడగడం మామూలు విషయం, అందరూ అర్థం చేసుకుంటారు. రెండోసారి అడిగితే, ఈ మనిషి చివరికి చేరరు అనే నిర్ణయానికి వచ్చేస్తారు. మీ సంతకం పడనంతవరకు ఆఫర్‌ని వెనక్కి తీసుకునే వీలు సాధారణంగా వాళ్లకి ఉంటుందని గుర్తుంచుకోండి. ఒకవేళ ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే విషయం వేరు, అప్పుడు ముందుగా ఆ లెటర్‌లోని షరతులు చదువుకుని మాట్లాడాలి.

అంకె విషయంలో, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పెంచి చెబితే వెంటనే దొరికిపోతారని కాదు, ఇబ్బంది వేరే చోట వస్తుంది. కొన్ని కంపెనీలు సవరణకి అనుమతి తీసుకోవడానికి కౌంటర్ లెటర్ చూపించమంటాయి. పెంచి చెప్పినవాళ్లకి అక్కడ దారి మూసుకుపోతుంది. నిజం చెప్పినవాళ్లకి దారి ఉంటుంది. "అది మా కంపెనీ కాగితం, బయటికి పంపడం సరికాదు, అంకెలు మాత్రం ఇవే" అని స్థిరంగా చెప్పొచ్చు, చాలామంది రిక్రూటర్లు అక్కడితో ఆగుతారు. లెటర్‌ని ఫార్వర్డ్ మాత్రం చేయకండి. అదే పని రేపు వాళ్ల కాగితంతోనూ చేస్తారని వాళ్లకే అనిపిస్తుంది.

కాల్ అయ్యాక అదే రోజు చిన్న మెయిల్ పెట్టండి. నాలుగు వాక్యాలు చాలు: మాట్లాడినందుకు కృతజ్ఞతలు, మీరు అడిగిన ఆ ఒక్క మార్పు, అది ఉంటే లెటర్ అందిన రోజే సంతకం పెడతానన్న మాట, మీ నిర్ణయం చెప్పే రోజు. కౌంటర్ వివరాలన్నీ అందులో రాయనక్కర్లేదు. ఆ మెయిల్ ఉన్నది ఉన్నట్టుగా మేనేజర్‌కి, జీతాలు చూసే టీమ్‌కి వెళ్తుంది, వాళ్లు చదువుతారని అనుకునే రాయండి. లెటర్ గడువు దగ్గరపడితే పొడిగింపు కూడా అందులోనే అడగండి, "కొంచెం టైమ్" అనకుండా ఫలానా రోజు అని. రెండు మూడు పనిదినాలు అడిగితే సాధారణంగా ఇస్తారు. వారం దాటితే మీ మీద అనుమానం మొదలవుతుంది.

తర్వాత వచ్చే సూచనలు ఇలా ఉంటాయి. ఆ మేనేజరే నేరుగా మాట్లాడతానంటే మంచి సంకేతం, మీ కోసం సమయం పెడుతున్నారన్నమాట. ఆ కాల్‌లో డబ్బు ఊసెత్తకండి, పని గురించి మాట్లాడండి, ఆయన మనసులో ఉన్న ప్రశ్న మీరు నిజంగా వస్తారా అన్నదే. రిక్రూటర్ "కనుక్కుని చెబుతా" అని ఒకరోజు మౌనంగా ఉంటే అనుమతి కోసం ఆగుతున్నారని అనుకోవచ్చు. రెండు పూర్తి పనిదినాలు గడిచినా ఏ మాటా లేకపోతే ఒక్కసారి ఫోన్ చేసి అడగండి. అప్పుడు కూడా దాటవేస్తే రెండో వ్యక్తితో మాట్లాడుతున్నారని అనుకోవడమే మంచిది. అప్పుడు మీ చేతిలో ఉన్నది పాత లెటర్. దాని గడువు ఇంకా ఉండి, ఆ షరతులతోనే వెళ్లడానికి ఇష్టమైతే వెంటనే సంతకం పెట్టి పంపండి.

"ఇంతకుమించి ఇవ్వలేం" అని సూటిగా చెప్పినా భయపడకండి. సాధారణంగా అది ఆఫర్ రద్దు కాదు, మొదటి ఆఫర్ అలాగే ఉందని అర్థం. అయినా ఒకసారి అడిగి ఖాయం చేసుకోండి: "అంటే మొదటి లెటర్ ఇంకా చెల్లుతుంది కదా, ఏ రోజు దాకా?"

చివరిగా, లెక్కలన్నీ చూసుకుని ఉండిపోవాలనే నిర్ణయించుకుంటే పనుల వరుస ముఖ్యం. ముందు మీ కంపెనీ నుంచి సవరించిన జీతం లెటర్ అధికారికంగా, అమలు తేదీతో, సంతకంతో చేతికి రావాలి. "హెచ్ఆర్ పంపిస్తుంది" అన్న మాట మీద కొత్త ఆఫర్‌ని వదులుకోకండి. ఆ లెటర్ రాకుండా నానుతుంటే, అదే మీకు వాళ్ల ఉద్దేశం గురించి సమాచారం. వచ్చిన రోజే రిక్రూటర్‌కి ఫోన్ చేయండి: "ఉండిపోవాలని నిర్ణయించుకున్నాను, ఇది ఖాయం. మీరు రెండో వ్యక్తితో ముందుకెళ్లడానికి ఆలస్యం కాకూడదని ఇవాళే చెబుతున్నాను." ఎంత ఇచ్చారో చెప్పనక్కర్లేదు, కారణం ఒక్క వాక్యం చాలు. ఆమె ఇంకా పెంచి ఇస్తామంటే, "ఖాయం" అన్న మాట మీదే ఉండండి. అరగంటలో ఒక మెయిల్ పెట్టి, ఆ లెటర్‌ని తిరస్కరిస్తున్నట్టు అందులో స్పష్టంగా రాయండి. ఇంటర్వ్యూలో మీతో ఎక్కువసేపు మాట్లాడిన ఆ మేనేజర్‌కి వేరుగా రెండు వాక్యాలు రాస్తే ఇంకా మంచిది. వాళ్లు కంపెనీలు మారుతుంటారు, మళ్లీ ఎక్కడో ఒకచోట ఇంటర్వ్యూలో మీకు ఎదురుపడతారు.